‘రూహీ’ అంటే ఆత్మా, ప్రాణమా? అరబ్బీ ముద్దుమాటలు తెలుగులోకి వచ్చినప్పుడు

డమాస్కస్‌లోనో బీరూట్‌లోనో ఒక ఇంట్లో నాయనమ్మ బడి నుంచి వచ్చిన మనవడిని పిలుస్తోంది అనుకుందాం. ‘తఆ యా రూహీ, తఆ యా ఉయూనీ. అకల్త్ షీ?’ అంటుంది. వాడు లేదంటాడు. ‘తుబుర్నీ, అల్లా యిఖల్లీలీ యాక్’ అంటూ వంటింట్లోకి వెళ్తుంది. అక్కడి ఇళ్ళల్లో రోజూ వినిపించే మాటలే ఇవి. వాటిని పదానికి పదం తెలుగు చేస్తే వచ్చేది ఇదీ: ‘రా నా ఆత్మా, రా నా కళ్ళూ. ఏమైనా తిన్నావా? నువ్వు నన్ను పూడ్చిపెట్టు, అల్లా నిన్ను నాకోసం ఉంచుగాక.’ మనవడికి అన్నం పెట్టబోతున్న ముసలావిడ ఇందులో కనపడదు. వేదాంతమో, శాపమో, మతబోధో మాట్లాడుతున్న ఎవరో కనపడతారు.

సిరియా, లెబనాన్, ఈజిప్టు, గల్ఫ్ దేశాల సీరియళ్ళు, సినిమాలు, వార్తా కథనాలు ఇప్పుడు సబ్‌టైటిళ్ళతో మనదాకా వస్తున్నాయి. చాలావరకు ఇంగ్లిష్ మీదుగా వస్తాయి కాబట్టి పొరపాటు రెండుసార్లు జరుగుతుంది. అరబ్బీలో అరిగిపోయి మామూలైన మాట ఇంగ్లిష్‌లో వింతగా మారుతుంది, ఆ వింత తెలుగులోకి వచ్చేసరికి భక్తిగానో మూఢత్వంగానో కనిపిస్తుంది. పైన నాయనమ్మ అన్న నాలుగు మాటలనే పట్టుకుని వెళితే, ఎక్కడ మతం నిజంగా ఉందో, ఎక్కడ అనువాదం దాన్ని తెచ్చిపెడుతోందో తేలుతుంది.

రూహ్

‘రూహ్’ ఖురాన్‌లో బరువైన మాట. మనిషిని చేసి అందులోకి తన రూహ్‌ను ఊదానని దేవుడు అంటాడు. రూహ్ ఏమిటని అడిగిన వారికి, అది నా ప్రభువు ఆజ్ఞకు చెందినది, మీకు ఇచ్చిన జ్ఞానం స్వల్పం అని జవాబు చెప్పమంటుంది 17వ అధ్యాయం. ‘రూహుల్ ఖుదుస్’ అనే మాట ముస్లింలకు ఎక్కువగా జిబ్రయీల్ దూతను సూచిస్తే, అరబ్ క్రైస్తవులకు త్రిత్వంలోని పరిశుద్ధాత్మ. ఈసా ప్రవక్తకు ముస్లిం సంప్రదాయంలో ఉన్న బిరుదు ‘రూహుల్లా’. ఇరాన్ నేత ఖొమైనీ పేరు కూడా అదే.

ఇంత చరిత్ర ఉన్న మాటను తల్లి పిల్లవాడి మీద, భార్య భర్త మీద, ఒక్కోసారి దుకాణదారు పాత ఖాతాదారు మీద వాడతారు. వాడేటప్పుడు ఆ చరిత్ర ఎవరి మనసులోనూ మెదలదు. వ్యవహారంలో రూహ్ అంటే ఒంట్లో ఉన్న ప్రాణం. ‘తలఅత్ రూహీ’ అంటే నా ఆత్మ ఊర్ధ్వలోకాలకు వెళ్ళిందని కాదు, విసుగుతో ప్రాణం పోయిందని.

తెలుగులో ‘ఆత్మ’ ఆ పని చేయలేదు. మనకు అది ఒకవైపు ఉపనిషత్తుల మాట: జీవాత్మ, పరమాత్మ, చావు పుట్టుకలు లేనిది. రెండోవైపు తెలుగు బైబిల్ మాట: పరిశుద్ధాత్మ. మూడోవైపు, నవ్వు వచ్చినా చెప్పక తప్పదు, దెయ్యం సినిమాల మాట. ‘రా నా ఆత్మా’ అని ఏ తెలుగు నాయనమ్మా పిలవదు. ‘ప్రాణం’ మాత్రం సరిగ్గా రూహ్ చేసే పనులన్నీ చేస్తుంది. నా ప్రాణమా అంటాం, ప్రాణం విసిగింది అంటాం, వాడంటే ఆవిడకు ప్రాణం అంటాం. అది కూడా శాస్త్ర గ్రంథాల నుంచి వచ్చిన మాటే, పంచప్రాణాలు, ప్రాణాయామం ఉన్నాయి. కానీ ఇంట్లో వాడి వాడి ఆ బరువు దిగిపోయింది. రూహ్‌కు జరిగింది కూడా అదే. అందుకే ‘రూహీ’ దగ్గర ఆత్మకూ ప్రాణానికీ మధ్య ఎంపిక అర్థానికి సంబంధించినది కాదు, అరుగుదలకు సంబంధించినది. అయితే సూఫీ కవిత్వంలోనో, మత ప్రసంగంలోనో రూహ్ కనిపిస్తే లెక్క మారుతుంది. అక్కడ ‘ప్రాణం’ అంటే తక్కువైపోతుంది, ఆత్మ అనే రాయాలి.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. రా, వావ్, హా, యా అనే నాలుగు అక్షరాలతో రాసే ‘రూహీ’కి వ్యవహార అరబ్బీలో మరో అర్థం ఉంది: ఆడమనిషితో ‘వెళ్ళు’ అని చెప్పడం. రాతలో రెంటికీ తేడా లేదు, పలుకులోనూ దాదాపు లేదు. ‘రూహీ అల్ బేత్’ అంటే ‘ఇంటికి వెళ్ళు’. దాన్ని ‘నా ప్రాణమా, ఇల్లు’ అని రాస్తే ఇంట్లోంచి గెంటేసే సన్నివేశం ప్రేమ సన్నివేశం అవుతుంది. గుర్తుపట్టడానికి ఆనవాళ్ళు రెండు. ముద్దుమాటకు ముందు సాధారణంగా ‘యా’ అనే సంబోధన ఉంటుంది. వెళ్ళమనే మాట తర్వాత చోటు పేరో, చేయాల్సిన పనో వస్తుంది. పైగా ముద్దుమాటను మగవాడితోనూ ‘రూహీ’ అనే అంటారు, ఎందుకంటే చివరి ‘ఈ’ అక్కడ ‘నా’ అనే అర్థాన్నిస్తుంది. మగవాడిని వెళ్ళమనాలంటే మాత్రం ఉత్త ‘రూహ్’. కాబట్టి మనవడితో ‘రూహీ’ అన్నప్పుడు అనుమానమే లేదు.

ఈజిప్టులో ‘యా రూహ్ ఉమ్మక్’ అని వినిపిస్తే ముద్దు అనుకోకూడదు. అమ్మ ప్రాణమా అని మాటకు మాట అర్థం, కానీ వీధిలో ఒకడు మరొకడితో అంటే అది వెటకారం, తగాదాకు మొదలు. మనం ‘ఏం నాయనా, ఎలా ఉంది ఒంట్లో’ అని ఒక స్వరంలో అంటే పలకరింపు, ఇంకో స్వరంలో అంటే బెదిరింపు అయినట్టు.

కళ్ళు, వాటి చల్లదనం

‘యా ఉయూనీ’ అంటే ‘నా కళ్ళూ’. ‘యా ఐనీ’ అంటే ‘నా కన్నూ’. కన్ను విషయంలో అరబ్బీకి, మనకు ఉన్న దగ్గరితనం ఆశ్చర్యపరుస్తుంది. మనం కంటిపాప అంటాం. ఎదుటివారి కంటి మధ్యలోని నలుపులో మన బొమ్మ చిన్న పాపలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. అరబ్బీలో దాన్నే ‘ఇన్సానుల్ ఐన్’ అంటారు, అంటే కంటిలోని మనిషి. పదమూడో శతాబ్దపు సూఫీ తత్వవేత్త ఇబ్న్ అరబీ ఈ మాట మీదే ఒక వాదం కట్టాడు: కంటికి కంటిపాప ఎలాంటిదో, దేవుడికి మనిషి అలాంటివాడు, దాని ద్వారానే చూపు. తెలుగు బైబిల్లో కూడా దేవుడు కాపాడేవారికి కనుపాప పోలిక ఉంది. ఇక్కడ తెలుగు అనువాదకుడికి కష్టం లేదు.

మతం నిజంగా దాగి ఉన్న కంటి మాట వేరే ఉంది: ‘ఖుర్రతుల్ ఐన్’, కంటి చల్లదనం. ఖురాన్ 25వ అధ్యాయంలో విశ్వాసులు తమ భార్యలను, సంతానాన్ని తమకు కంటి చల్లదనంగా చేయమని ప్రార్థిస్తారు. 28వ అధ్యాయంలో ఫరో భార్య నదిలో దొరికిన శిశువు మూసాను చూపిస్తూ, నాకూ నీకూ కంటి చల్లదనం, వీడిని చంపవద్దు అంటుంది. సంతోషంతో వచ్చే కన్నీళ్ళు చల్లగా ఉంటాయని, దుఃఖంతో వచ్చేవి వేడిగా ఉంటాయని పాత అరబ్బీ భావన. ‘దేవుడు వాడి కన్ను వేడెక్కించుగాక’ అనేది శాపం. అంటే పిల్లవాడిని ‘ఖుర్రత్ ఐనీ’ అని ఎవరైనా అంటే, ఆ పిల్లవాడు ఒక దువాకు జవాబు అనే సూచన అందులో ఉంటుంది. చదువుకున్న శ్రోతకు ఆ ఆయత్ వినిపిస్తుంది కూడా. ‘యా ఉయూనీ’లో అదేమీ లేదు.

ఉపఖండానికి ఈ మాట కొత్త కాదు. ఉర్దూ నవలాకారిణి ఖుర్రతుల్ ఐన్ హైదర్ పేరు అదే. హైదరాబాద్ ఉర్దూ ఇళ్ళల్లో ‘ఆంఖోఁ కీ ఠండక్’ అంటారు. తెలుగులో చల్లదనం కంటి నుంచి కడుపుకు దిగింది: ‘నీ కడుపు చల్లగా’. వేడి దేశాల వాళ్ళకు సుఖం చల్లగా ఉండటంలో వింత లేదు. ఇంగ్లిష్‌లో దీన్ని కంటికి ఓదార్పు అనో ఆనందం అనో మార్చి రాస్తారు, ఆ ఇంగ్లిష్ నుంచి తెచ్చుకుంటే మనకు సహజంగా ఉన్న చల్లదనాన్ని పోగొట్టుకుంటాం.

ఏదైనా అడిగినప్పుడు ‘మిన్ ఉయూనీ’ అనే జవాబు వస్తుంది. నా కళ్ళ నుంచి ఇస్తాను అని అర్థం. ‘అలా ఐనీ’, ‘అలా రాసీ’ అని కూడా అంటారు, నా కంటి మీద, నా తల మీద అని. కువైట్, సౌదీ ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన కడప ప్రాంతపు మహిళలకు, నిజామాబాద్, కరీంనగర్ వారికి ఈ మాటలు అలవాటే. ఇందులో ప్రేమ కన్నా మర్యాద పాలు ఎక్కువ. తెలుగులో ‘అంతకంటేనా’, ‘తప్పకుండా’ సరిపోతుంది. ‘నా కళ్ళు పీకి ఇస్తాను’ అని రాసిన సబ్‌టైటిల్ వంటి గదిలో కాఫీ అడిగిన సన్నివేశాన్ని భయానకంగా మారుస్తుంది.

కన్ను దిష్టి కూడా. అరబ్బీలో ‘ఐన్’ అంటే ఆ అర్థమూ ఉంది. అందుకే పిల్లను మెచ్చుకోగానే ‘ఇస్మల్లా అలైక్’ అనో ‘మాషా అల్లా’ అనో చేరుస్తారు. ఇక్కడ దేవుడి పేరు నిజంగా పని చేస్తోంది, రక్ష కోసం చెప్పిన మాట అది. దాన్ని వదిలేస్తే మెచ్చుకోలు సగమే మిగులుతుంది. ‘నా దిష్టే తగిలేట్టుంది’ అనే తెలుగు మాట సరిగ్గా ఆ చోట కూర్చుంటుంది.

‘నువ్వు నన్ను పూడ్చిపెట్టు’

నాయనమ్మ అన్న మూడో మాట అన్నిటికన్నా గట్టిది. ‘ఖబ్ర్’ అంటే సమాధి. మన దగ్గర ఖబరస్తాన్ అనే మాటలో ఉన్నది అదే. సిరియా, లెబనాన్ నగరాల పలుకుబడిలో ఆ ‘ఖ’ గొంతులో చిన్న ఆగుడుగా మారిపోయి ‘తుబుర్నీ’ లాగా వినిపిస్తుంది. ఆడపిల్లతో అయితే ‘తుబ్రీనీ’. నేను నీకంటే ముందు పోవాలి, నీ చావు చూసే రోజు నాకు రాకూడదు, నా అంత్యక్రియలు నువ్వే చేయాలి అన్నది భావం. ముద్దొచ్చే పసివాడిని చూసినా, బాగా మాట్లాడిన స్నేహితురాలిని చూసినా అంటారు. వింటున్నవారెవరికీ చావు గుర్తుకు రాదు.

గల్ఫ్, ఇరాక్ వైపు ఇదే భావం వేరే రూపంలో ఉంది: ‘బఅద్ రూహీ’, ‘బఅద్ ఉమ్రీ’, ‘బఅద్ చబ్దీ’. నా ప్రాణం తర్వాత, నా ఆయువు తర్వాత, నా కాలేయం తర్వాత అని. వాక్యం సగంలో ఆగింది. మిగతా సగం ‘కూడా నువ్వుండాలి’ అన్నది. తెలియని అనువాదకుడు దీన్ని తలకిందులు చేస్తాడు: ‘నా ప్రాణం తర్వాతే నువ్వు’ అని రాస్తాడు, అంటే నీకంటే నా ప్రాణమే ఎక్కువ అన్నట్టు. ఇది తేలిగ్గా జరిగే తప్పు. ఎదుటి పాత్ర ఆ మాటకు మురిసిపోతుంటే అర్థం తిరగబడిందని పసిగట్టవచ్చు.

తెలుగులో ‘నన్ను పూడ్చిపెట్టు’ అంటే తిట్టు. దానికి దగ్గరగా ‘నాకు తలకొరివి పెట్టాల్సినవాడివి’ అనే మాట ఉంది, తరతరాల క్రమం సరిగ్గా అందులో ఉంది. కానీ దాన్ని వాడితే నాయనమ్మ మతం మారిపోతుంది. ఆమె ముస్లిం అయినా క్రైస్తవురాలైనా పూడ్చడమే ఆమె ఆచారం, కొరివి కాదు. అంతకన్నా మంచి మాట మన ఇళ్ళల్లోనే ఉంది: ‘నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు.’ చావును నోటితో అనకుండానే నేను ముందు పోతాను అని చెబుతుంది, ముద్దుగానూ ఉంటుంది, ఏ మతానికీ పరిమితం కాదు. పైగా ‘బఅద్ ఉమ్రీ’కి ఇది దాదాపు మాటకు మాట. ‘ఉమ్ర్’ అంటే ఆయువు. ఉమ్మ్ కుల్సూమ్ 1964లో పాడిన ‘ఇంత ఉమ్రీ’ పాట పేరులో ఉన్నది అదే, ‘నువ్వే నా ఆయువు’ అని. ‘హయాతీ’ అంటే ‘నా జీవితం’ అని తేలిగ్గా చెప్పవచ్చు గానీ, ‘ఉమ్రీ’లో గడిచిన ఏళ్ళ లెక్క ఉంది. ఆయువు దేవుడు ముందే నిర్ణయించాడని ముస్లింల విశ్వాసం. నా ఆయువు నీకు రావాలనే కోరిక ఆ నమ్మకంతో పొసగదు కదా అని ఎవరైనా తర్కిస్తే తర్కించవచ్చు. ముద్దుమాటలు ఆ తర్కం కోసం ఆగవు, నుదుటి రాత నమ్మే మన అమ్మమ్మలు ఆగనట్టే. ‘ఉమ్రీ’ తర్వాత ‘మా’ అనే నిషేధం వస్తే మాత్రం ముద్దు కాదు: ‘ఉమ్రీ మా షుఫ్తుహ్’ అంటే ‘నా జన్మలో వాడిని చూడలేదు’.

ఈ కోవలోనే అతి పాతది ‘ఫిదాక్’. నీకు బదులు నేను, నీ విడుదలకు నేను మూల్యం అని. ఉహుద్ యుద్ధంలో సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్‌తో ముహమ్మద్ ప్రవక్త, బాణం వెయ్యి, నా తల్లిదండ్రులు నీకు ఫిదా అన్నారని హదీస్ గ్రంథాలు చెబుతాయి. అప్పటికే అది అరబ్బుల మర్యాద మాట, తల్లిదండ్రులను నిజంగా బలి ఇవ్వడం కాదు. ఇదే ధాతువు ఉర్దూ మీదుగా మనదాకా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి ‘ఫిదా అయిపోయాడు’ అనే సరదా మాట, 2017లో వచ్చిన తెలుగు సినిమా పేరు. రెండోది వార్తల్లోని ‘ఫిదాయీ దాడి’. అరబ్ వీధుల్లో నేతల పేర్లతో వినిపించే ‘బిర్రూహ్, బిద్దమ్, నఫ్దీక్’ నినాదంలోనూ అదే ఉంది. దాన్ని ‘ఆత్మను, రక్తాన్ని బలి ఇస్తాం’ అని రాస్తే పాఠకుడికి ఆత్మాహుతి దళం ఊరేగుతున్నట్టు అనిపిస్తుంది. మన సభల్లో ‘ప్రాణాలైనా ఇస్తాం’ అని అరిచేవారి మాటకు ఉన్నంత విలువే దానికీ ఉంది. అక్కడ కూడా లౌకిక పాలకుల కోసం, దేశం కోసం ఈ నినాదం మోగింది.

దేవుడిని ఎక్కడ ఉంచాలి

నాలుగో మాట ‘అల్లా యిఖల్లీలీ యాక్’. దేవుడు నిన్ను నాకు ఉంచాలి అని. ‘అల్లా’ అని విన్నంత మాత్రాన నాయనమ్మ ముస్లిం అని తేల్చడానికి లేదు. అరబ్ క్రైస్తవుల బైబిల్లో, ప్రార్థనల్లో దేవుడి పేరు అల్లానే. తెలుగులో మాత్రం ‘అల్లా’ అనగానే మతం ఖాయమైపోతుంది. కాబట్టి ముద్దుమాటల్లో ‘దేవుడు’ అని రాయడమే నిజానికి దగ్గర. ముస్లిం పాత్ర నమాజులోనో, ప్రమాణంలోనో పలికినప్పుడు ‘అల్లా’ ఉంచడం న్యాయం.

మతం తీసేయడం ఒక తప్పైతే, లేని మతాన్ని చేర్చడం రెండోది. తెలుగు ప్రేమ భాషలో దేవత, ఆరాధన మామూలు మాటలు. ‘యా హయాతీ’ని ‘నా దేవతా’ అని రాయడానికి చెయ్యి సులువుగా పోతుంది. అరబ్బీలో ఆరాధించడం అనే ధాతువు నుంచి ‘మఅబూదా’ వంటి మాటలు ప్రేమలో వినిపిస్తాయి. షాదియా, అబ్దెల్ హలీమ్ హఫెజ్ నటించిన 1967 నాటి ఈజిప్టు సినిమా పేరు ‘మఅబూదతుల్ జమాహీర్’, జనం ఆరాధించేది అని. కానీ ఆరాధన దేవుడికే అనే విశ్వాసం వల్ల అలాంటి మాటలకు మతపెద్దల అభ్యంతరం ఉంది, వాడేవారికి ఆ సంగతి తెలుసు. ఆ మాటలో ఒక గీత దాటిన రుచి ఉంది. ‘హయాతీ’లో, ‘రూహీ’లో అది లేదు. అన్నిటినీ ‘దేవత’ చేస్తే, నిజంగా గీత దాటిన చోట వాడటానికి మాట మిగలదు. ‘వ హయాతక్’, అంటే ‘నీ ప్రాణం మీద ఒట్టు’ అన్నదీ ఇలాంటిదే. దేవుడి మీద తప్ప ఒట్టు వేయరాదని హదీస్ ఉన్నా, జనం వాడుతూనే ఉంటారు. దీనికి మాత్రం ‘నీ మీదొట్టు’ అని తెలుగులో నేరుగా ఉంది.

ఇప్పుడు నాయనమ్మ మాటలు మళ్ళీ రాస్తే ఇలా ఉంటాయి: ‘రా నా ప్రాణమా, రా కన్నా. ఏమైనా తిన్నావా? నా ఆయుష్షు పోసుకుని బతకరా నాన్నా, దేవుడు నిన్ను నాకు చల్లగా ఉంచాలి.’

రెండు ఒప్పుకోళ్ళు. ‘కన్నా’లో వినేవారికి కన్నూ వినిపిస్తుంది, కన్నయ్యా వినిపిస్తాడు. మతం వద్దనుకుని కృష్ణుడిని తెచ్చామా అంటే, తెలుగు ముస్లిం తల్లులు, క్రైస్తవ తల్లులు కూడా అదే పిలుస్తారు, అరిగి అందరిదైంది. ఇక ‘నాన్నా’ అన్నది అరబ్బీ వాక్యంలో లేదు, నేను చేర్చాను. కానీ అరబ్ ఇళ్ళల్లోనూ తండ్రి కొడుకును ‘బాబా’ అని, తల్లి కూతురిని ‘మామా’ అని, నాయనమ్మ మనవడిని ‘తేతా’ అని, అంటే తన వరసతోనే పిలుస్తుంది. ఇంగ్లిష్ అనువాదకులు దీని దగ్గర తల పట్టుకుంటారు. కొడుకును నాన్నా అని, కూతురిని అమ్మా అని పిలిచే మనకు అక్కడ చేయాల్సిన పనే లేదు.